కేసులు, ఛార్జీలు, కంపెనీ చేతులు మారితే పని చేసే నిబంధనలు: డ్యూ డిలిజెన్స్ సారాంశం ఎలా రాయాలి?

ప్రశ్న: హైదరాబాద్ దగ్గర ఉన్న ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో మా క్లయింటు 74 శాతం షేర్లు కొంటున్నారు. డేటా రూమ్‌లో ఉన్న కాంట్రాక్టులు, కేసుల కాగితాలు, ఛార్జీల ఫారాలు అన్నీ చదివి మూడు టేబుళ్లు చేశాను, 60 పేజీలు దాటాయి. మా సీనియర్ గారు చూసి "ఇది జాబితా, సారాంశం కాదు" అన్నారు. ఆయన ఏం కావాలంటున్నారు, ఎలా రాయాలి?

సమాధానం:

మూడు టేబుళ్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదివి, ఒకదానిలోని వరుస మరొకదానిలోని వరుసను ఎక్కడ తాకుతుందో చెప్పమని మీ సీనియర్ గారు అడుగుతున్నారు. కేసుల టేబుల్‌లో చిన్నదిగా కనిపించిన ఒక వివాదం బ్యాంకు రుణపత్రంలోని ఒక షరతును ఉల్లంఘించి ఉండవచ్చు. ఆ ఉల్లంఘన వల్ల బ్యాంకు రుణం వెనక్కి అడిగితే, ప్రధాన కస్టమరుకు కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు రావచ్చు. కొనుగోలుదారుకు తెలియవలసింది ఈ గొలుసు. అది 60 పేజీల టేబుళ్లలో ఎక్కడో ఉంటుంది, కానీ మూడు చోట్ల మూడు ముక్కలుగా ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు.

నేను పని చేసిన ఒక లావాదేవీని, పేర్లు తీసేసి, అంకెలు కొంత మార్చి, ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ప్యాకేజింగ్ పౌచ్‌లు తయారు చేసే కంపెనీ అది. ఏడాది టర్నోవరు 84 కోట్ల రూపాయలు, అందులో 32 కోట్లు ఒక్క కస్టమరు నుంచే వచ్చేది. కొనుగోలుదారు మీ క్లయింటులాగే 74 శాతం షేర్లు తీసుకుంటున్నారు. అమ్మేవాళ్లు ఇచ్చిన జాబితాలో 11 కేసులు, కంపెనీ వ్యవహారాల శాఖ నడిపే ఎంసీఏ పోర్టల్‌లో అప్పులకు హామీగా కంపెనీ ఆస్తుల మీద తెరిచి ఉన్న 4 ఛార్జీలు, డేటా రూమ్‌లో 46 కాంట్రాక్టులు ఉన్నాయి.

ముందుగా ఒక మాట గుర్తు పెట్టుకోండి. షేర్ల కొనుగోలులో కంపెనీ మారదు, దాని వాటాదారులే మారతారు. అందువల్ల కంపెనీ మీద ఉన్న ప్రతి కేసూ, ప్రతి అప్పూ, ప్రతి పన్ను బకాయీ అలాగే ఉండిపోతుంది, కొత్త యజమాని వాటన్నిటితో కలిపి కంపెనీని తీసుకుంటున్నారు. ఇదే కంపెనీ వ్యాపారాన్ని మాత్రమే విడిగా కొంటే ప్రశ్నలు వేరుగా ఉంటాయి, ఎందుకంటే అప్పుడు ప్రతి కాంట్రాక్టునూ కొత్త కంపెనీ పేరు మీదకు మార్చుకోవలసి వస్తుంది. మీ సారాంశం మొదటి పేరాలోనే ఇది ఏ రకం లావాదేవీయో రాయండి. కింద వచ్చే ప్రతి నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది.

కేసుల సంగతి చూద్దాం. ఆ 11 కేసుల్లో 7 చెక్ బౌన్స్ కేసులు, 138వ సెక్షన్ కింద కంపెనీయే తన దగ్గర సరుకు కొన్న చిన్న వ్యాపారుల మీద వేసినవి. అన్నీ కలిపినా 38 లక్షలు. వీటిని సారాంశంలో ఒక్క వాక్యంలో ముగించాను. మిగిలిన 4 కేసుల్లో రెండు కార్మిక వివాదాలు, ఒకటి పక్క స్థలం వాళ్లతో ప్రహరీ గోడ తగాదా, ఒకటి జీఎస్టీ అప్పీలు. జాబితాలో ఉన్నవాటిని ఇంతకంటే లోతుగా చదవడానికి ముందు, జాబితాలో లేనివి ఏవో వెతకడం మీద సమయం పెట్టాలి. అమ్మేవాళ్లు దాచిపెడతారని నేను అనడం లేదు. చాలాసార్లు వాళ్ల దృష్టిలో కేసంటే కోర్టులో ఉన్నది మాత్రమే. ఆర్బిట్రేషన్‌నూ, పన్ను అప్పీలునూ, లాయరు నోటీసునూ వాళ్లు ఆ లెక్కలో వేయరు.

లేనివి వెతకడానికి నేను ప్రతిసారీ రెండు కాగితాలు తీసుకుంటాను. మొదటిది ఆడిటర్ నివేదిక అనుబంధం. ఆడిటర్ నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే కారో 2020 ఆదేశం ప్రకారం, అది వర్తించే కంపెనీల్లో వివాదం వల్ల కట్టని పన్ను బకాయిలు ఎంత, ఏ ఫోరంలో నడుస్తున్నాయో ఆడిటరు రాయాలి. గత మూడేళ్ల నివేదికల్లో ఆ పట్టికను అమ్మేవాళ్ల జాబితాతో ఒక్కొక్క వరుసా పోల్చి చూడండి. మా కేసులో జాబితాలో లేని 64 లక్షల ఆదాయపు పన్ను అప్పీలు అక్కడ దొరికింది. రెండవది ప్రొఫెషనల్ ఫీజుల లెడ్జరు. ఎవరికి, ఎందుకు, ఎప్పుడు చెల్లించారో వరుసగా చదువుతూ వెళ్లాను. ఒక రిటైర్డ్ న్యాయమూర్తి పేరు మీద నాలుగు నెలల తేడాతో రెండు చెల్లింపులు కనిపించాయి, వివరం దగ్గర "సిట్టింగ్ ఫీజు" అని ఉంది. అడిగితే బయటపడింది: ఒక యంత్రాల సరఫరాదారుతో ఆర్బిట్రేషన్ నడుస్తోంది, వాళ్లు కోరుతున్నది వడ్డీ కాకుండా 4.2 కోట్లు. ఆర్బిట్రేషన్ ఏ కోర్టు వెబ్‌సైటులోనూ కనిపించదు. మధ్యంతర ఉత్తర్వుల లాంటి వాటి కోసం ఎవరైనా కోర్టుకు వెళ్తేనే దాని జాడ తెలుస్తుంది.

ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతకడం కూడా చేయండి, కానీ దాని పరిమితి తెలుసుకుని చేయండి. ప్రైవేట్ లిమిటెడ్ అని పూర్తిగా రాసినవి, పొట్టి అక్షరాలతో రాసినవి, కంపెనీ పాత పేరుతో ఉన్నవి, స్పెల్లింగ్ తప్పుగా నమోదైనవి అన్నీ వేరువేరుగా వస్తాయి. కాబట్టి పేరులోని విశిష్టమైన ఒక్క పదంతో వెతికి, వచ్చిన ఫలితాల్లోంచి ఏరుకోవడం మంచిది. ఏమీ రాలేదంటే కేసులు లేవని అర్థం కాదు. సారాంశంలో "ఫలానా తేదీన, ఫలానా పేర్లతో, ఫలానా కోర్టుల్లో వెతికాం, ఏమీ కనిపించలేదు" అని రాయాలే తప్ప "కేసులు లేవు" అని రాయకూడదు.

ఇప్పుడు ఆ జీఎస్టీ అప్పీలును దగ్గర నుంచి చూద్దాం. జూనియర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జాబితాలో దాని ఎదురుగా 1.12 కోట్లు అని ఉంది. అది 2018-19 సంవత్సరానికి తప్పుగా వాడుకున్నారని అధికారులు చెబుతున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే పన్ను మొత్తం మాత్రమే. ఉత్తర్వు తెరిచి చూస్తే అది 74వ సెక్షన్ కింద, అంటే వాస్తవాలు దాచారన్న ఆరోపణతో ఇచ్చినది. ఆ సెక్షన్ కింద ఉత్తర్వు వచ్చిన తర్వాత జరిమానా పన్నుతో సమానం, అంటే మరో 1.12 కోట్లు. వాడుకున్న క్రెడిట్ మీద వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే సుమారు 20 లక్షలు. ఐదేళ్లకు అది 1.01 కోట్లు అయింది. మొత్తం కలిపితే 3.25 కోట్లు. అప్పీలు వేయడానికి పన్నులో 10 శాతం ముందే కట్టారు కాబట్టి చేతి నుంచి ఇంకా పోవలసింది అందులో 11.2 లక్షలు తక్కువ. ఒకవేళ దాచారన్న ఆరోపణ నిలబడకపోతే వ్యవహారం 73వ సెక్షన్ కిందకు వస్తుంది, అప్పుడు జరిమానా పన్నులో 10 శాతానికి తగ్గి మొత్తం సుమారు 2.24 కోట్లు అవుతుంది. అంటే జాబితాలోని అంకెకు ఒక పరిస్థితిలో రెట్టింపు, ఇంకో పరిస్థితిలో దాదాపు మూడు రెట్లు. సారాంశంలో ఈ రెండు మొత్తాలూ, రెంటి మధ్య తేడాకు కారణమైన ఆరోపణా మూడు వాక్యాల్లో రాయాలి. గెలుస్తామా ఓడతామా అన్నది పన్ను లాయరు చెప్పాలి. మీరు చెప్పవలసింది ఓడితే ఎంత, ఎప్పటికి అన్నది.

ఛార్జీల విషయానికి వస్తే, ఎంసీఏ పోర్టల్‌లోని ఛార్జీల సూచిక చాలామందికి మొదటి మెట్టూ, ఆఖరి మెట్టూ అయిపోతుంది. అది పొరపాటు. ఆ సూచిక రెండు వైపులా తప్పు చెప్పగలదు. తీరిపోయిన అప్పును బతికి ఉన్నట్టు చూపిస్తుంది, బతికి ఉన్న అప్పును అసలు చూపించకపోవచ్చు. మా కేసులో రెండూ జరిగాయి.

పోర్టల్‌లో కనిపించిన నాలుగింటిలో రెండు ఒకే బ్యాంకువి. వర్కింగ్ క్యాపిటల్ 14 కోట్లు, టర్మ్ లోన్ బాకీ 7.6 కోట్లు. వీటికి సరుకు, రావలసిన బాకీలు, యంత్రాలు అన్నీ హైపోథికేషన్‌లో ఉన్నాయి, ఫ్యాక్టరీ స్థలం పత్రాలు డిపాజిట్ చేసి తనఖా పెట్టారు. మూడవది కారు లోను. నాలుగవది 2016లో ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకున్న 2.4 కోట్ల యంత్రాల రుణం. అది ఎప్పుడో తీరిపోయింది, కానీ తీరినట్టు తెలియజేసే CHG-4 ఫారం దాఖలు చేయలేదు. చట్టం దీనికి 30 రోజుల గడువు ఇచ్చింది, అదనపు రుసుముతో 300 రోజుల దాకా వెళ్లవచ్చు. అది కూడా దాటిపోతే రీజనల్ డైరెక్టరుకు దరఖాస్తు చేసి ఆలస్యాన్ని మన్నించమని ఉత్తర్వు తెచ్చుకోవాలి. డబ్బు పరంగా ఇది ప్రమాదం కాదు, సమయం పరంగా చిక్కు. అందుకే దీన్ని డబ్బూ షేర్లూ చేతులు మారే క్లోజింగ్‌కు ముందు తప్పనిసరిగా పూర్తి కావలసిన షరతుగా పెట్టవద్దని, ఫైనాన్స్ కంపెనీ నుంచి నో డ్యూస్ లేఖ మాత్రం ముందే తెప్పించి, మిగతాది క్లోజింగ్ తర్వాత ఇన్ని నెలల్లో పూర్తి చేయాలన్న హామీగా రాయమని సలహా ఇచ్చాను.

అసలైన సమస్య ఐదవది. పోర్టల్‌లో లేదు. కాంట్రాక్టుల ఫోల్డరులో "యంత్ర సరఫరా" కింద పడి ఉన్న ఒక ఫైల్లో, కొత్త ప్రింటింగ్ యంత్రం కోసం మరో ఫైనాన్స్ కంపెనీతో చేసుకున్న 3.1 కోట్ల రుణ ఒప్పందం దొరికింది. యంత్రం వాళ్లకు హైపోథికేషన్‌లో ఉందని స్పష్టంగా రాసి ఉంది. ఛార్జీని నమోదు చేయించే CHG-1 ఫారం ఎవరూ దాఖలు చేయలేదు. కంపెనీల చట్టం 77వ సెక్షన్ ప్రకారం నమోదు గడువు 30 రోజులు, తర్వాత అదనపు రుసుములతో రెండు విడతలుగా మరో 90 రోజులు. మొత్తం 120 రోజులు దాటాక ఆ పత్రం మీద నమోదుకు దారి లేదు. నమోదు కాని ఛార్జీని లిక్విడేటరూ ఇతర రుణదాతలూ లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ఇది చదివి మా బృందంలో ఒకరు "అయితే ఇది కొనుగోలుదారుకు మంచిదే కదా" అన్నారు. కాదు. అదే సెక్షన్ అప్పు తీర్చే బాధ్యతను అలాగే ఉంచుతుంది. 3.1 కోట్లు కంపెనీ కట్టవలసిందే. పైగా, మొదటి బ్యాంకు రుణపత్రంలో "మా అనుమతి లేకుండా ఏ ఆస్తి మీదా మరొకరికి ఛార్జీ ఇవ్వరాదు" అనే షరతు ఉంది. యంత్రాలన్నీ అప్పటికే ఆ బ్యాంకు ఛార్జీ కింద ఉన్నాయి. అంటే ఈ ఐదవ రుణం తీసుకున్న రోజునే బ్యాంకు దగ్గర డిఫాల్ట్ జరిగిపోయింది, బ్యాంకుకు ఇంకా తెలియదు, అంతే.

ఇలాంటివి పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. బ్యాలెన్స్ షీట్‌లోని రుణాల నోటులో ప్రతి రుణదాత పేరూ తీసుకుని ఎంసీఏ సూచికలోని పేర్లతో కలపండి. ఆ తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్లలో నెలనెలా ఒకే మొత్తంలో వెళ్తున్న చెల్లింపులు ఎవరికో చూడండి. ఒక వైపు ఉండి రెండో వైపు లేని ప్రతి పేరుకూ జవాబు అడగండి. రుణ హామీల కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్‌లో కూడా వెతకండి. కంపెనీ రుణానికి ప్రమోటర్లు తమ సొంత ఇల్లు తనఖా పెట్టి ఉంటే అది కంపెనీ ఆస్తి కాదు కాబట్టి ఎంసీఏ సూచికలో ఆ ఇల్లు ఉండదు, సెర్సాయ్‌లో కనిపించే అవకాశం ఉంది. స్థలానికి ఈసీ తీయించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఈసీ రిజిస్టరైన లావాదేవీలనే చూపిస్తుంది. దస్తావేజులు బ్యాంకులో డిపాజిట్ చేసి, ఆ మేరకు ఏ పత్రమూ రిజిస్టరు చేయించకపోతే ఈసీ శుభ్రంగానే వస్తుంది. అందుకని అసలు దస్తావేజులు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగి, బ్యాంకు ఇచ్చిన పత్రాల జాబితాతో సరిచూడాలి.

కొంటున్న షేర్లనే మరిచిపోయే వాళ్లను కూడా చూశాను. ప్రమోటరు తన వ్యక్తిగత అప్పు కోసం షేర్లను ప్లెడ్జ్ చేసి ఉంటే, అది కంపెనీ మీద ఛార్జీ కాదు కాబట్టి ఎంసీఏలో కనిపించదు. షేర్లు డీమ్యాట్‌లో ఉంటే డిపాజిటరీ హోల్డింగ్ స్టేట్‌మెంటులో ప్లెడ్జ్ వివరం ఉంటుంది, ఇటీవలి తేదీతో తెప్పించండి. కాగితం సర్టిఫికెట్లయితే అసలు సర్టిఫికెట్లను కళ్లారా చూడాలి, ఫోటో కాపీతో సరిపెట్టుకోకూడదు.

ఇక కంపెనీ చేతులు మారితే పని చేసే నిబంధనలు. change of control అన్న పేరుతో వెతికితే దొరికేవి తక్కువ. 46 కాంట్రాక్టుల్లో ఆ మాట నేరుగా ఉన్నది ఒక్కదానిలోనే. మిగిలినవి వేరే శీర్షికల కింద, నిర్వచనాల్లో, శాంక్షన్ లెటరు వెనుక పేజీలో ముద్రించిన సాధారణ షరతుల్లో ఉన్నాయి. నేను వెతికే పదాలు ఇవి:

```
change of control
change in constitution
shareholding pattern
ownership OR management
deemed assignment
directly or indirectly
promoter AND (dilut* OR cease)
```

ఈ పదాలతో వెతికాక కూడా, స్కాన్ చేసి పెట్టిన పాత పత్రాల్లో వెతుకులాట పని చేయదు కాబట్టి, రాబడిలో మొదటి ఐదు కస్టమర్లు, రుణపత్రాలన్నీ, స్థలం పత్రాలు, లైసెన్సులు మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి. ఇక్కడ ఒక తేడా స్పష్టంగా పట్టుకోండి. "ఈ కాంట్రాక్టును మరొకరికి బదిలీ చేయరాదు" అని మాత్రమే ఉంటే, షేర్ల అమ్మకంతో కాంట్రాక్టు పక్షం మారదు కాబట్టి ఆ నిబంధన సాధారణంగా అడ్డు రాదు. అదే నిబంధన కింద "వాటాల్లో ఇంత శాతం మారితే దాన్ని కూడా బదిలీగానే పరిగణిస్తారు" అని ఒక వాక్యం ఉంటే మొత్తం తిరగబడుతుంది. జూనియర్లు శీర్షిక చూసి పక్కన పెట్టేసేది చాలాసార్లు ఆ ఒక్క వాక్యాన్నే.

మా కేసులో చివరికి మూడే మిగిలాయి, మూడూ మూడు రకాలుగా పని చేస్తాయి. బ్యాంకు శాంక్షన్ లెటరు ప్రకారం వాటాదారుల స్వరూపంలో ఎంత చిన్న మార్పుకైనా ముందస్తు లిఖిత అనుమతి కావాలి, లేకపోతే రుణం మొత్తం వెంటనే తిరిగి అడగవచ్చు. పెద్ద కస్టమరు ఒప్పందం ప్రకారం 50 శాతం కంటే ఎక్కువ వాటా చేతులు మారితే, ఆ సంగతి తెలిసిన 60 రోజుల్లోగా 30 రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చు. ముందు అనుమతి అడగాలన్న షరతు లేదు, కానీ తర్వాత రద్దు చేసే హక్కు ఉంది. మూడవది పారిశ్రామికవాడలోని స్థలం కేటాయింపు పత్రం. అందులో "సంస్థ స్వరూపం మారితే ముందుగా అనుమతి పొంది నిర్ణీత రుసుము కట్టాలి" అని ఉంది. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ సంస్థలు కేటాయించిన స్థలంలో ఫ్యాక్టరీ ఉంటే ఈ రకం షరతు ఉందేమో తప్పక చూడండి, ఎందుకంటే అది కాంట్రాక్టుల ఫోల్డరులో ఉండదు, స్థలం పత్రాల ఫోల్డరులో ఉంటుంది, ఆ ఫోల్డరును వేరే వ్యక్తి చదువుతుంటారు.

ఒక్కో నిబంధనను ఏది ఎప్పుడు ప్రేరేపిస్తుందో, ఎదుటివాళ్లకు ఏ హక్కు వస్తుందో, ఎన్ని రోజులు ఉంటుందో రాయండి. కొనుగోలుదారు ముందు 49 శాతం, ఆరు నెలల తర్వాత 25 శాతం తీసుకుందామని ఒక దశలో ఆలోచించారు. అలా చేస్తే కస్టమరు నిబంధన మొదటి విడతలో మేలుకోదు, రెండో విడతలో మేలుకుంటుంది, బ్యాంకు నిబంధన మాత్రం మొదటి విడతలోనే మేలుకుంటుంది. ఈ ఒక్క పరిశీలన మీద కొనుగోలుదారు విడతల ఆలోచన మానుకుని ఒకేసారి కొనడానికి మొగ్గారు.

ఇప్పుడు మూడు టేబుళ్లనూ కలపండి. బ్యాంకు రుణపత్రంలో మరో షరతు ఉంది: కోటి రూపాయలు దాటిన ఏ వివాదాన్నైనా 15 రోజుల్లో బ్యాంకుకు తెలియజేయాలి. 4.2 కోట్ల ఆర్బిట్రేషన్ గురించి తెలియజేయలేదు. ఐదవ రుణానికి అనుమతి తీసుకోలేదు. ఇప్పుడు వాటాలు మారడానికి అనుమతి అడగడానికి వెళ్తే, బ్యాంకు ఫైలు తెరుస్తుంది, పాత ఉల్లంఘనలు రెండూ బయటికి వస్తాయి. ఐదవ రుణ ఒప్పందంలో క్రాస్ డిఫాల్ట్ ఉంది, అంటే బ్యాంకు డిఫాల్ట్ ప్రకటిస్తే ఫైనాన్స్ కంపెనీ కూడా తన 3.1 కోట్లు అడగవచ్చు. కస్టమరు ఒప్పందంలో, సరఫరాదారు ఆస్తుల మీద రుణదాతలు చర్యకు దిగితే రద్దు చేసే హక్కు వేరుగా ఉంది. నేను రాసిన సారాంశం మొదటి పేజీలో ఈ గొలుసు ఇలా ఉంది:

"కంపెనీ తన ప్రధాన బ్యాంకుతో ఉన్న రుణ ఒప్పందాన్ని ఇప్పటికే రెండు విషయాల్లో ఉల్లంఘించి ఉంది: తెలియజేయని 4.2 కోట్ల ఆర్బిట్రేషన్, అనుమతి లేని 3.1 కోట్ల రుణం. ఈ లావాదేవీకి ఆ బ్యాంకు అనుమతి తప్పనిసరి. అనుమతి కోరే సమయంలో ఈ ఉల్లంఘనలను మన్నిస్తూ బ్యాంకు రాతపూర్వకంగా ఇవ్వకపోతే, 21.6 కోట్ల రుణం వెనక్కి అడిగే హక్కు క్లోజింగ్ తర్వాత కూడా బ్యాంకుకు ఉంటుంది. ఆ హక్కు వినియోగిస్తే మరో 3.1 కోట్లు వెంటనే చెల్లించవలసి రావచ్చు, ఏడాదికి 32 కోట్ల రాబడి ఇచ్చే కస్టమరు ఒప్పందం రద్దు కావచ్చు."

ఈ పేరా కింద ప్రతి వాక్యానికీ ఆధారమైన పత్రం, క్లాజు సంఖ్య ఇచ్చాను. లావాదేవీ రకం, వెతికిన తేదీలు తప్ప మొదటి పేజీలో ఇంకేమీ లేదు. ప్రహరీ గోడ తగాదా, చెక్ బౌన్స్ కేసులు చివరి పేజీలో రెండు వరుసల్లో వచ్చాయి. కొనుగోలుదారు చదివింది ఆ మొదటి పేజీనే, నిర్ణయాలు తీసుకున్నదీ దాని మీదే.

తర్వాతి పేజీల్లో ఒక్కో అంశానికి మందు రాయాలి, ఏ మందు ఎక్కడ వేయాలో తెలిసి రాయాలి. ఎదుటి పక్షం సంతకం మీద ఆధారపడినవి క్లోజింగ్‌కు ముందస్తు షరతులు కావాలి: బ్యాంకు అనుమతి, కస్టమరు లేఖ, స్థలం సంస్థ అనుమతి. ఎంత అవుతుందో తెలిసి, ఎప్పుడు తేలుతుందో తెలియనివి ప్రత్యేక ఇండెమ్నిటీ కిందకు, అంటే ఆ నష్టం అమ్మేవాళ్లే భరిస్తారన్న హామీ కిందకు వెళ్లాలి. జీఎస్టీ వివాదం, ఆర్బిట్రేషన్ అలాంటివే. సాధారణ వారంటీ వీటికి సరిపోదు, ఎందుకంటే తెలిసీ కొన్నారు కాబట్టి నష్టం అడగరాదన్న వాదన అమ్మేవాళ్లు తర్వాత తెస్తారు. పేరు పెట్టి, మొత్తం రాసి, తెలిసినా సరే వర్తిస్తుందని చెప్పిన ఇండెమ్నిటీ కావాలి. అమ్మేవాళ్లు డబ్బు తీసుకుని వెళ్లిపోయాక ఇండెమ్నిటీ కాగితంగా మిగలకుండా, మా కేసులో కొనుగోలు మొత్తంలో కొంత మూడో పక్షం దగ్గర ఎస్క్రోలో ఉంచారు. జీఎస్టీకి అధిక మొత్తమైన 3.25 కోట్ల లెక్కనే తీసుకున్నారు, ఆర్బిట్రేషన్‌కు ఇరు పక్షాల లాయర్లు మాట్లాడుకుని ఒక అంకెకు వచ్చారు. ఇక ఐదవ రుణాన్ని క్లోజింగ్ రోజునే కొనుగోలు డబ్బులోంచి తీర్చేయాలని నిర్ణయించారు. నమోదు గడువు దాటిన ఛార్జీని సరిదిద్దడానికి కొత్త పత్రాలు రాసుకుని, బ్యాంకును ఒప్పించడం కంటే అది తేలిక.

కస్టమరు నుంచి తెచ్చే లేఖ విషయంలో ఒక హెచ్చరిక. "మాకు అభ్యంతరం లేదు" అని ఒక వాక్యం ఉన్న లేఖ తెచ్చి పని అయిపోయిందనుకుంటారు. లేఖలో కొనుగోలుదారు పేరు, 74 శాతం అన్న అంకె, ఒప్పందం తేదీ, క్లాజు సంఖ్య ఉండాలి. ఆ క్లాజు కింద ఈ లావాదేవీ వల్ల తమకు వచ్చే రద్దు హక్కును వదులుకుంటున్నామని ఉండాలి. ఒప్పందం అమల్లో ఉందని, కంపెనీ వైపు నుంచి తమకు తెలిసిన ఉల్లంఘన ఏదీ లేదని కూడా రాయించుకోగలిగితే చాలా మేలు. సంతకం చేసిన వ్యక్తికి ఆ అధికారం ఉందో లేదో చూడాలి. మాకు మొదట వచ్చిన లేఖ మీద సంతకం చేసింది కొనుగోళ్ల విభాగం మేనేజరు, ఒప్పందం మీద సంతకం చేసింది డైరెక్టరు. లేఖ మళ్లీ రాయించాం, పది రోజులు పోయాయి.

ఎప్పుడు అడగాలన్నది కూడా సారాంశంలో చెప్పాలి. సంతకాలకు ముందే కస్టమరు దగ్గరికి వెళ్తే కంపెనీ అమ్మకానికి ఉందన్న వార్త బయటికి పొక్కుతుంది, లావాదేవీ ఆగిపోతే నష్టపోయేది అమ్మేవాళ్లు. అందువల్ల ఒప్పందం మీద సంతకాలయ్యాక, క్లోజింగ్‌కు ముందు అడగడం ఆనవాయితీ. బ్యాంకు దగ్గరికి మాత్రం అమ్మేవాళ్లే వెళ్లి, రెండు ఉల్లంఘనలనూ తామే చెప్పి, అనుమతితో పాటు మన్నింపు లేఖ అడగాలని మేం పట్టుబట్టాం. అమ్మే ప్రమోటర్లు తమ వ్యక్తిగత గ్యారంటీల నుంచి బయటపడాలని కోరుకుంటారు, బ్యాంకు బదులు గ్యారంటీ లేకుండా వదలదు. ఈ బేరం కూడా అదే లేఖలో తేలాలి. లేకపోతే షేర్లు అమ్మేసినవాళ్ల గ్యారంటీ మీద కంపెనీ అప్పు నడుస్తూ ఉంటుంది, అది ఇరువైపులా తగాదాకు దారి తీస్తుంది.

చివరగా తేదీల సంగతి. మీరు చేసిన ప్రతి వెతుకులాటా ఆ రోజుకే నిజం. సారాంశం మొదటి పేజీలో ఎంసీఏ, సెర్సాయ్, ఈసీ, ఈ-కోర్ట్స్ ఒక్కోదానికి ఏ తేదీ వరకు చూశారో రాయండి, క్లోజింగ్‌కు ముందు రోజు అన్నీ మరోసారి చూస్తామని కూడా రాయండి. మా కేసులో సంతకాలకూ క్లోజింగ్‌కూ మధ్య ఏడు వారాలు పట్టింది. ముందు రోజు సాయంత్రం ఎంసీఏ సూచిక తెరిస్తే వర్కింగ్ క్యాపిటల్ ఛార్జీ మొత్తం 14 కోట్ల నుంచి 16 కోట్లకు మారి ఉంది, బ్యాంకు ఆ మధ్యలో పరిమితి పెంచింది. రెండు కోట్లలో ఎంత వాడారో ఆ రాత్రే బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించుకుని చూశాం. వాడిన 1.4 కోట్లను మరునాడు ఉదయం కొనుగోలు మొత్తంలోంచి తగ్గించి, ఆ సవరణ మీద ఇరు పక్షాల సంతకాలు అయ్యాకే డబ్బు కదిలింది.